వారం బట్వాడా నుంచి నెల జీతానికి: 52 వారాల లెక్కపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రైస్ మిల్లులు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, గ్రానైట్ యూనిట్లు, ఇళ్ల కట్టుబడి పనుల్లో వారం వారం కూలి తీసుకునేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎవరినైనా నెల జీతంలోకి మార్చేటప్పుడు, బ్యాంకు ఫారంలో 'నెల ఆదాయం' రాయాల్సి వచ్చినప్పుడు, ఇంటి ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఒకే తప్పు పదేపదే జరుగుతుంది. వారం కూలిని నాలుగుతో హెచ్చవేసి అదే నెల సొమ్ము అనుకుంటారు.

కింద చాలా ప్రశ్నలకు ఒకే ఉదాహరణ వాడాం. విజయనగరం దగ్గర ఒక రైస్ మిల్లులో హమాలీ. రోజు కూలి 600 రూపాయలు, వారానికి ఆరు రోజుల పని, ఆదివారం సెలవు, శనివారం సాయంత్రం బట్వాడా. అంటే వారానికి 3,600. మీ రేటు వేరైతే ఆ అంకె ఒక్కటీ మార్చుకోండి.

వారానికి 3,600 అయితే నెలకు ఎంత?

15,600 రూపాయలు. లెక్క రెండు మెట్లే. ముందు ఏడాది సొమ్ము కట్టాలి: 3,600 × 52 = 1,87,200. తర్వాత దాన్ని పన్నెండు నెలలకు పంచాలి: 1,87,200 ÷ 12 = 15,600.

నాలుగుతో హెచ్చవేస్తే 14,400 వస్తుంది. తేడా నెలకు 1,200, ఏడాదికి 14,400. ఆ రెండో అంకెను ఇంకోసారి చూడండి. తప్పు లెక్కలో వచ్చిన 'నెల జీతం' ఎంతో, ఏడాదిలో పోయేది కూడా సరిగ్గా అంతే. పనివాడు పన్నెండు నెలలూ పనిచేసి, నాలుగు వారాల కూలి వదులుకున్నట్టు.

ఆ నాలుగు వారాలు ఎక్కడికి పోయాయి?

నెలకు నాలుగు వారాలు అంటే 28 రోజులు. మామూలు ఏడాదిలో అలా సరిగ్గా 28 రోజులుండే నెల ఫిబ్రవరి ఒక్కటే. మిగతా ప్రతి నెలలోనూ నాలుగు వారాలు పోగా రెండో మూడో రోజులు మిగులుతాయి. ఆ మిగులు రోజులన్నీ కలిపితే ఏడాదికి 29. నాలుగు వారాలు, పైన ఒక రోజు. నెలకు నాలుగు వారాలే అని లెక్కేస్తే 12 × 4 = 48 వారాలకే కూలి కట్టినట్టు, మిగిలిన వారాలు లెక్కలోకే రావు.

వారం బట్వాడా తీసుకున్నంత కాలం ఈ నష్టం ఉండదు. క్యాలెండరులో ఎన్ని శనివారాలుంటే అన్నిసార్లు డబ్బు వస్తుంది కాబట్టి మిగులు రోజులు వాటంతట అవే ఏదో ఒక నెలలో ఐదో శనివారంగా బయటపడతాయి. నెల జీతంలోకి మారిన రోజునే ఆ ఐదో శనివారం మాయమవుతుంది. అందుకే మారే రోజున వేసే లెక్క సరిగ్గా ఉండాలి. ఒకసారి తక్కువగా కుదిరిందంటే ఆ తర్వాత వచ్చే ప్రతి పెంపూ ఆ తక్కువ జీతం మీదే పడుతుంది.

క్యాలెండరులో చూసి నమ్మొచ్చా?

అదే మంచి పద్ధతి. గోడ మీది క్యాలెండరు తీసి 2026లో శనివారాలు లెక్కపెట్టండి. జనవరి, మే, ఆగస్టు, అక్టోబరు నెలల్లో ఐదేసి ఉన్నాయి. మిగతా ఎనిమిది నెలల్లో నాలుగేసి. 20, 32 కలిపితే 52.

ఇప్పుడు మూడేసి నెలలు చొప్పున చూడండి. జనవరి నుంచి మార్చి దాకా 5, 4, 4. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 4, 5, 4. జూలై నుంచి సెప్టెంబరు దాకా 4, 5, 4. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 5, 4, 4. ప్రతిసారీ 13. మూడు నెలలకు పదమూడు వారాలు అన్నది గుర్తుంటే 52 గుర్తులేకపోయినా ఇబ్బంది లేదు.

కాగితం, ఫోను లేకుండా నోటి లెక్కతో ఎలా కట్టాలి?

నాలుగు వారాల కూలి కట్టి, దానికి ఒక వారం కూలిలో మూడో వంతు కలపండి. 3,600కు నాలుగు వారాలు 14,400. 3,600లో మూడో వంతు 1,200. మొత్తం 15,600. సంతలో బేరమాడుతూ కూడా వేసుకోగల లెక్క ఇది.

కొందరు 4.33తో హెచ్చవేస్తారు. పెద్ద తప్పేమీ కాదు. కానీ 3,600 × 4.33 = 15,588, పన్నెండు రూపాయలు తక్కువ. ఒకరికైతే వదిలేయొచ్చు, యాభై మంది ఉన్న యూనిట్‌లో ఏడాదికి 7,200 తేడా వస్తుంది. 13తో హెచ్చవేసి 3తో భాగిస్తే పైసా తేడా రాదు.

నెలకు 26 రోజులు అని కూడా అంటారు కదా? అది వేరే లెక్కా?

రెండూ ఒకటే. వారానికి ఆరు పనిరోజులు, 52 వారాలు: 312 రోజులు. దాన్ని 12తో భాగిస్తే 26. మన ఉదాహరణలో 600 × 26 = 15,600. అదే జవాబు.

ఈ 26 ఎవరో గుమస్తా సౌకర్యం కోసం పెట్టుకున్న అంకె కాదు. గ్రాట్యుటీ చట్టంలో నెల జీతగాడి పదిహేను రోజుల వేతనం కట్టేటప్పుడు జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చవేయాలని 1987 సవరణ స్పష్టంగా చెప్పింది. కనీస వేతనాల్లో కూడా నెల రేటును రోజు రేటుగా మార్చడానికి 26తోనే భాగిస్తారు. కాబట్టి మీ యజమాని '52 అనేది నేను వినలేదు' అంటే, '26 రోజుల లెక్కనే కట్టండి' అని అడగండి. ఆ మాట వినని గుమస్తా ఉండడు, వచ్చే సొమ్మూ అదే.

నాలుగు వారాల లెక్కలో మాత్రం నెలకు 24 పనిరోజులే అవుతాయి. ఫిబ్రవరి తప్ప ఆదివారాలు పోగా 24 రోజులే మిగిలే నెల ఉండదు.

మా సేటు, 'నాలుగు వారాల నెలలో కూడా 15,600 ఇస్తే నాకు నష్టం కదా' అంటున్నారు. ఏం చెప్పాలి?

ఆయన చెప్పింది సగం నిజం. నాలుగు శనివారాల నెలలో పాత పద్ధతిలో 14,400 ఇచ్చేవారు, కొత్త పద్ధతిలో 15,600 ఇస్తారు. ఆ నెల 1,200 ఎక్కువ. కానీ ఐదు శనివారాల నెలలో పాత పద్ధతిలో 18,000 ఇచ్చేవారు, ఇప్పుడు 15,600 ఇస్తారు. ఆ నెల 2,400 తక్కువ.

2026 మొత్తం కట్టి చూపించండి. పాత పద్ధతిలో 18,000 చొప్పున నాలుగు నెలలు 72,000. 14,400 చొప్పున ఎనిమిది నెలలు 1,15,200. కలిపితే 1,87,200. కొత్త పద్ధతిలో 15,600 చొప్పున పన్నెండు నెలలు, అదీ 1,87,200. ఆయనకు నష్టం లేదు, పనివాడికి లాభం లేదు. ఈ ఒక్క లెక్కను పన్నెండు గడుల కాగితం మీద రాసి ఇస్తే చాలా వాదనలు అక్కడే ఆగుతాయి. ఎందుకంటే చాలామంది యజమానులు కావాలని తగ్గించరు. ఫిబ్రవరిలో లెక్కేసి అదే మిగతా నెలలకూ అంటిస్తారు.

ఆదివారానికి కూడా కూలి ఇచ్చే చోట ఏమవుతుంది?

52 లెక్క మారదు. వారానికి చేతికొచ్చే మొత్తం ఎంతో అదే తీసుకోవాలి, అందులో ఎన్ని రోజుల కూలి ఉందన్నది పట్టించుకోనక్కర్లేదు. వారానికి ఏడు రోజుల కూలి 4,200 వస్తుంటే నెలకు 18,200.

జాగ్రత్త పడాల్సింది 26 లెక్క వాడేటప్పుడు. 26 అన్నది వారానికి ఆరు రోజుల కూలి అనుకుని వచ్చిన అంకె. ఏడు రోజులకూ కూలి ఇస్తున్న చోట రోజు రేటు 600ను 26తో హెచ్చవేస్తే 15,600 మాత్రమే వస్తుంది, నెలకు 2,600 గల్లంతు. అనుమానం ఉంటే రోజు రేటు వదిలేసి వారం మొత్తం నుంచి మొదలుపెట్టండి.

శనివారం చేతికొచ్చేది 2,900 మాత్రమే. దాన్నే లెక్కలోకి తీసుకోవాలా?

ఎందుకు తగ్గిందో ముందు చూడండి. అడ్వాన్సు కింద కోసుకున్నదీ, భోజనం ఖర్చు కింద పట్టుకున్నదీ, యజమాని దగ్గర తీసుకున్న అప్పు కిస్తీ, ఇవన్నీ కూలి వచ్చిన తర్వాత పోయినవి. కూలి 3,600గానే ఉంది. జీతం కుదుర్చుకునేటప్పుడు కోతలకు ముందున్న మొత్తం తీసుకోవాలి. కోత పోగా మిగిలిన 2,900ను 52తో హెచ్చవేసి జీతం కుదుర్చుకుంటే, అప్పు తీరిపోయాక కూడా ఆ కోత శాశ్వతంగా జీతంలో ఉండిపోతుంది.

హైదరాబాదు, చెన్నై వైపు కట్టుబడి పనికి వలస వెళ్లేవాళ్ల విషయంలో దీనికి ఇంకో రూపం ఉంటుంది. అక్కడ మేస్త్రి వారం వారం ఇచ్చేది చాలాసార్లు ఖర్చుల డబ్బు మాత్రమే, అసలు కూలి ఊరికొచ్చే ముందు పద్దు చూసి తేలుస్తారు. వారానికి 1,000 ఖర్చులకు తీసుకున్నారని దాన్ని 52తో హెచ్చవేస్తే వచ్చేది ఆదాయం కాదు. హాజరు చీటీలో ఉన్న రోజుల్ని రోజు రేటుతో హెచ్చవేసి మొత్తం కట్టాలి.

నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో కిలోల లెక్కన పనిచేస్తాను. వారం వారం మొత్తం మారుతుంది. ఎలా?

పలాస వైపు గింజ కొట్టడం, పప్పు పొట్టు తీయడం లాంటి పనులకు కిలోకింతని కడతారు కాబట్టి ఒక వారం 3,400 రావచ్చు, ఇంకో వారం 2,100 రావచ్చు. ఏదో ఒక వారాన్ని పట్టుకుని 52తో హెచ్చవేస్తే జవాబుకు అర్థం ఉండదు. వరసగా పదమూడు వారాల బట్వాడా రాసిపెట్టుకోండి. ఆ పదమూడూ కూడి మూడుతో భాగిస్తే నేరుగా నెల సగటు వస్తుంది. పదమూడు వారాలంటే మూడు నెలలే కదా, అందుకని ఇక్కడ 52, 12 అవసరం లేదు.

ఒక లెక్క చూద్దాం. పదమూడు వారాల మొత్తం 35,100. మూడుతో భాగిస్తే 11,700. ఇదే నెల ఆదాయం.

ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. ఆ పదమూడు వారాల్లో ఒక వారం సరుకు రాక ఫ్యాక్టరీ మూసేశారనుకోండి, ఆ వారం రాబడి సున్నా. 'పని లేని వారం ఎందుకు లెక్క' అని దాన్ని తీసేసి, 35,100ను పన్నెండుతో భాగించి, వారానికి 2,925 అని, అక్కడి నుంచి నెలకు 12,675 అని తేలుస్తారు. నెలకు 975 ఎక్కువ చూపినట్టు. ఆ అంకె నమ్ముకుని కిస్తీ కుదుర్చుకుంటే మూతపడిన వారం వచ్చినప్పుడు దొరికిపోతారు. సున్నా వారం కూడా ఒక వారమే, దాన్ని ఉంచాలి.

పదమూడు వారాలు మరీ ఎక్కువ అనిపిస్తే ఎనిమిదైనా రాయండి, అప్పుడు సగటు తీసి 52తో హెచ్చవేసి 12తో భాగించాలి. అంతకంటే తగ్గితే పెళ్లిళ్లో పండగలో ఉన్న ఒక్క వారమే లెక్కను పక్కకు లాగేస్తుంది.

సంక్రాంతికి వారం, మధ్యలో ఇంకో వారం పని ఉండదు, కూలీ ఉండదు. అప్పుడూ 52 వారాలేనా?

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఏది అడుగుతున్నారో దాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఒకటి, నెల జీతం రేటు ఎంత ఉండాలి? దీనికి 52 వాడాలి. వారం రేటుకు సమానమైన నెల రేటు 15,600, అంతే. పనిలేని రోజులకు కోత ఉంటుందా లేదా అన్నది వేరే మాటగా మాట్లాడుకోవాలి. రేటులో ముందే తగ్గించి, మళ్లీ సంక్రాంతి వారానికి కోత పెడితే ఒకే సెలవుకు రెండుసార్లు పట్టుకున్నట్టు.

రెండు, ఏడాదికి నిజంగా చేతికెంత వస్తుంది? దీనికి కూలి వచ్చిన వారాలే లెక్క. రెండు వారాలు పోతే 50. 3,600 × 50 = 1,80,000, నెలకు 15,000. అప్పు ఫారంలో, ఇంటి ఖర్చులో వాడాల్సింది ఈ అంకె.

ఇటుక బట్టీల్లో ఈ తేడా ఇంకా పెద్దది. వానలు మొదలైతే బట్టీ ఆగిపోతుంది. వారానికి 4,000 చొప్పున 26 వారాలు పనిచేసి మిగతా కాలం వేరే రాబడి లేకపోతే ఏడాదికి 1,04,000, అంటే నెలకు 8,667. దాన్ని 52తో హెచ్చవేసి నెలకు 17,333 అని రాస్తే ఉన్నదానికి రెట్టింపు చూపినట్టు. 52 పెట్టాలంటే ఏడాది పొడవునా కూలి రావాలి.

నెల జీతంలోకి మారాక నాగా పెడితే ఎంత కోయాలి?

15,600 జీతానికి ఒక రోజు నాగాకు కోత 600. 26తో భాగించినదే. వారమంతా రాకపోతే ఆరు రోజులకు 3,600. పాత వారం కూలి ఎంతో అంతే పోతుంది, లెక్క సరిపోయింది.

తప్పు లెక్కలు రెండు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది, వారం రాలేదు కాబట్టి నెల జీతంలో నాలుగో వంతు తీసేయడం. 15,600లో నాలుగో వంతు 3,900. వారానికి 3,600 విలువైన పనికి 3,900 కోశారు. ఇది కూడా ఆ నాలుగు వారాల అలవాటే, తలకిందులుగా.

రెండోది ఇంకా చిక్కుగా ఉంటుంది. జీతం 14,400 అని కుదురుస్తారు, నాగాకు మాత్రం పాత రోజు రేటు 600 కోస్తారు. జీతానికి 24 రోజుల లెక్క, పని చేయించుకోవడానికి క్యాలెండరులో ఉన్నన్ని రోజుల లెక్క. ఇది మీ దగ్గర జరుగుతోందా అని తెలుసుకోవడం తేలిక. ఒక రోజు కోతను 26తో హెచ్చవేయండి. వచ్చింది మీ నెల జీతంతో సరిపోవాలి. 600 × 26 = 15,600. జీతం అంతకంటే తక్కువ ఉంటే కుదుర్చుకున్నప్పుడే నాలుగుతో హెచ్చవేశారన్నమాట.

30తో భాగించే చోట్లూ ఉన్నాయి. 15,600 ÷ 30 = 520. రోజు కోత తగ్గుతుంది, కానీ అక్కడ ఆదివారాన్నీ ఒక రోజుగా లెక్కపెడతారు. సోమవారం నుంచి ఆదివారం దాకా రాకపోతే ఏడు రోజులకు 3,640 పోతుంది. ఏ పద్ధతైనా ఫర్వాలేదు, ఏడాది మధ్యలో ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతకూడదు.

ఓవర్‌టైం, గ్రాట్యుటీ మీద ఈ తేడా పడుతుందా?

పడుతుంది. 15,600ను 26తో, తర్వాత రోజుకు 8 గంటలతో భాగిస్తే గంటకు 75 రూపాయలు. ఓవర్‌టైం రెట్టింపు రేటు 150. జీతం 14,400 అని కుదిరితే గంటకు 69.23, రెట్టింపు 138.46. గంటకు పదకొండు రూపాయలకు పైగా తేడా.

గ్రాట్యుటీ ఏడాది సర్వీసుకు జీతం × 15 ÷ 26. 15,600 మీద సరిగ్గా 9,000 వస్తుంది, అంటే 600 చొప్పున పదిహేను రోజులు. 14,400 మీద 8,308 దగ్గర ఆగుతుంది. పదిహేనేళ్ల సర్వీసుకు పదివేలకు పైగా తేడా.

భవిష్యనిధి చందా విషయం వేరు. వారం బట్వాడాలో ఉన్నవాళ్లకు సగటు నెల వేతనం కాదు, ఆ నెలలో నిజంగా వచ్చిన వేతనం మీద చందా కడతారు. ఐదు బట్వాడాల నెలలో ఎక్కువ, నాలుగు బట్వాడాల నెలలో తక్కువ కనిపిస్తే కంగారు పడకండి.

మారే నెలలో ఏం చూసుకోవాలి?

రెండు విషయాలు. తేదీలతో చూద్దాం. 2026 మార్చి 28 శనివారం చివరి వారం బట్వాడా, ఏప్రిల్ 1 బుధవారం నుంచి నెల జీతం అని కుదిరింది.

మధ్యలో మార్చి 30 సోమవారం, 31 మంగళవారం ఉన్నాయి. ఆ రెండు రోజుల పని పాత వారంలోకీ రాదు, కొత్త నెలలోకీ రాదు. 1,200 రూపాయలు విడిగా ఇవ్వాలి. ఎవరూ కావాలని ఎగ్గొట్టకపోయినా ఈ రెండు రోజులు మరుగున పడిపోతుంటాయి, ఎందుకంటే వాటికి ఏ రిజిస్టరులోనూ పేజీ ఉండదు. నెల మొదటి తేదీ సోమవారం వచ్చిన నెలలో మారితే ఈ తలనొప్పే ఉండదు. 2026లో జూన్ 1 అలాంటి రోజు.

రెండోది చేతిలో డబ్బు. వారం కూలి వారాంతపు సెలవుకు ముందే ఇవ్వాలి, నెల జీతం మాత్రం మరుసటి నెల 7లోపు ఇస్తే చట్టం ప్రకారం సరిపోతుంది. మార్చి 28న కూలి తీసుకున్న మనిషి ఏప్రిల్ జీతం కోసం మే 7 దాకా ఆగాల్సి రావచ్చు. నలభై రోజులు. శనివారం సంత సామాన్లకు అలవాటు పడ్డ ఇల్లు నలభై రోజులు ఆగలేదు, కిరాణాలో పద్దు పెరుగుతుంది, లేదా చేబదులు తెస్తారు. మొదటి నెలలో రెండు వారాల కూలి అడ్వాన్సుగా ఇచ్చి, మూడు నాలుగు నెలల్లో కోసుకోవడం రెండు వైపులా సుఖం.

పదిహేను రోజులకోసారి బట్వాడా ఉన్నచోట రెండుతో హెచ్చవేస్తే సరిపోతుందా?

'పదిహేను రోజులకోసారి' అన్న మాటకు మన దగ్గర రెండు అర్థాలున్నాయి. ఒకటి, శనివారం విడిచి శనివారం. అది నిజానికి 14 రోజులు, ఏడాదికి 26 బట్వాడాలు. అప్పుడు 26తో హెచ్చవేసి 12తో భాగించాలి. 7,200 చొప్పున వస్తే నెలకు 15,600, రెండుతో హెచ్చవేస్తే 14,400. మళ్లీ అదే తప్పు, కొత్త చొక్కా వేసుకుని వచ్చింది.

రెండోది, 15న ఒకసారి, నెలాఖరున ఒకసారి. ఏడాదికి 24 బట్వాడాలే. ఇక్కడ రెండుతో హెచ్చవేయడమే సరైనది. మీది ఏదో తేల్చుకోవడానికి గత నాలుగు బట్వాడాల తేదీలు చూడండి. అన్నీ వారంలో ఒకే రోజున పడితే మొదటి రకం.

వారం కిస్తీలు, వారం చీటీలు కూడా ఇలాగే మార్చాలా?

తప్పకుండా. వారానికి 700 కిస్తీ అంటే నెలకు 2,800 కాదు, 3,033. ఆదాయాన్ని 52తో కట్టి, కిస్తీలను నాలుగుతో కడితే అప్పు ఉన్నదానికంటే తేలికగా కనబడుతుంది. సూక్ష్మరుణాల విషయంలో 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కుటుంబం మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ సగం ఎంతో చూసుకునేటప్పుడు రెండు వైపులా ఒకే కొలత వాడాలి.

ఇంటి ఖర్చుకు ఇంకో మాట. వారం బట్వాడాలో ఉన్నవాళ్లు ఇంటద్దె, కరెంటు బిల్లు, బడి ఫీజు లాంటి నెలవారీ ఖర్చుల్ని నాలుగు వారాల రాబడిలోనే సర్దుకుంటే మంచిది. ఐదో శనివారం నెల వచ్చినప్పుడు ఆ 3,600 చీటీకో పండక్కో పనికొస్తుంది. అంటే ఖర్చు పెట్టుకోవడానికి నాలుగు వారాల లెక్క జాగ్రత్త, జీతం కుదుర్చుకోవడానికి అదే లెక్క నష్టం.

ఫోనులో, కంప్యూటరులో షీటు పెట్టుకుంటే ఏ సూత్రం వేయాలి?

B2 గడిలో వారం కూలి ఉంటే మొదటి వరస సరిపోతుంది. B2 నుంచి B14 దాకా పదమూడు వారాలు రాసుకుంటే రెండోది.

```
=ROUND(B2*52/12,0)
=SUM(B2:B14)/3
```

AVERAGE వాడే ముందు ఒక సంగతి. అది ఖాళీ గడుల్ని లెక్కలోకి తీసుకోదు. పని లేని వారానికి గడి ఖాళీగా వదిలేస్తే పైన చెప్పిన సున్నా వారం తప్పు నిశ్శబ్దంగా జరిగిపోతుంది. 0 అని టైపు చేయాలి.

ఏడాదికి 52 వారాలు పోగా ఇంకో రోజు మిగులుతుంది కదా?

మిగులుతుంది, లీపు సంవత్సరంలో రెండు. ఆ రోజుల్నీ కలిపి 365ను 7తో భాగించి కడితే నెలకు 15,643 వస్తుంది, 43 రూపాయలు ఎక్కువ. సాధారణంగా జీతం కుదుర్చుకునేటప్పుడు ఇంత దూరం వెళ్లరు, 52తో ఆగుతారు.

వారం బట్వాడాలో మాత్రం ఆ రోజు ఊరికే పోదు. కొన్నేళ్లకోసారి 53వ బట్వాడాగా వస్తుంది. 2026 గురువారంతో మొదలై గురువారంతో ముగుస్తుంది కాబట్టి, గురువారం సంత రోజున కూలి ఇచ్చే చోట ఈ ఏడాది 53 బట్వాడాలు పడతాయి. శనివారం ఇచ్చేచోట 52. ఒకే రేటున్న ఇద్దరు పనివాళ్ల ఏడాది మొత్తాల్లో ఒక వారం తేడా కనిపిస్తే, పద్దు తప్పని గుమస్తాను నిలదీసే ముందు బట్వాడా వారంలో ఏ రోజో చూడండి.